‘ఎం40’ అని రాస్తే సరిపోతుందా? తీరప్రాంత కాంక్రీటుకు మన్నిక నిబంధన రాయడంలోని చిక్కులు

“కాంక్రీటు ఎం40 గ్రేడులో, సముద్ర వాతావరణానికి తగినట్లు మన్నికగా ఉండవలెను. సల్ఫేటు నిరోధక సిమెంటు వాడవలెను. కడ్డీలకు 75 మి.మీ. కవరు ఉండవలెను.” తీరప్రాంతపు పనుల టెండరు పత్రాల్లో ఇలాంటి వాక్యాలు ఎదురవుతూ ఉంటాయి. చదవడానికి ఇది కట్టుదిట్టంగానే కనిపిస్తుంది. కానీ పని మొదలయ్యాక ఇందులోని ప్రతి వాక్యమూ ఒక తగాదాకు దారితీయగలదు. ఎందుకంటే ‘మన్నికగా’ అన్న మాటను కొలిచే సాధనం లేదు. సిమెంటు గురించిన వాక్యం సముద్రపు ఉప్పు విషయంలో మేలు చేయకపోగా చెరుపు చేయవచ్చు. ఇక కవరును, అంటే కడ్డీని కప్పి ఉంచే కాంక్రీటు మందాన్ని, ఎక్కడి నుంచి ఎక్కడికి కొలవాలో చివరి వాక్యం చెప్పడం లేదు.

కాకినాడ తీరంలో ఒక చిన్న చేపల జెట్టీ కడుతున్నారని ఊహించుకుని, ఈ మూడు వాక్యాల నిబంధనను విప్పి చూద్దాం. జెట్టీకి సముద్రంలో దిగిన పునాది స్తంభాలు, అంటే పైళ్ళు, ఉన్నాయి. వాటి మీద బీములు, స్లాబు ఉన్నాయి. ఒడ్డున కొంత దూరంలో వలలూ ఐసు పెట్టెలూ దాచుకునే గిడ్డంగి ఉంది. మన దగ్గర టెండర్లు ఇంగ్లీషులోనే వెలువడతాయి కాబట్టి ఇక్కడ తెలుగులో రాసిన నిబంధనను యథాతథంగా వాడుకునే అవకాశం ఉండదు. దాని వెనుక ఉన్న తర్కాన్ని తేటగా చూడడమే ఈ వ్యాసం ఉద్దేశం.

ఉప్పు కడ్డీ దాకా ఎలా చేరుతుంది

కాంక్రీటు సహజంగా క్షార గుణం కలది. ఆ క్షారత్వం వల్ల లోపలి ఉక్కు కడ్డీ మీద కంటికి కనిపించని పలుచని రక్షణ పొర ఏర్పడుతుంది. అది ఉన్నంతకాలం తుప్పు మొదలుకాదు. సముద్రపు నీటిలోని క్లోరైడులు కాంక్రీటు సూక్ష్మ రంధ్రాల గుండా నెమ్మదిగా లోపలికి ఇంకి, కడ్డీ దగ్గర ఒక మోతాదు దాటేసరికి ఆ పొర తెగుతుంది. తుప్పు అసలు ఉక్కు కంటే ఎక్కువ చోటు ఆక్రమిస్తుంది కనుక లోపలి నుంచి ఒత్తిడి పుట్టి, కడ్డీ వెంబడి పగుళ్ళు వచ్చి, చివరికి కవరు పెచ్చులుగా ఊడుతుంది. పాత జెట్టీల బీముల అడుగున కడ్డీలు బయటపడి కనిపించడానికి కారణం ఇదే.

తుప్పుకు క్లోరైడుతో పాటు తేమ, ఆక్సిజన్ కూడా కావాలి. ఎప్పుడూ నీళ్ళలోనే మునిగి ఉండే భాగానికి ఆక్సిజన్ సరిగా అందదు కాబట్టి అక్కడ తుప్పు మందగిస్తుంది. పోటుకు తడిసి, పాటుకు ఆరే భాగం సంగతి వేరు. తడిసినప్పుడల్లా ఉప్పు లోపలికి వెళ్ళి, ఆరినప్పుడల్లా నీరు పోయి ఉప్పు మిగిలిపోతుంది, గాలి కూడా అందుతుంది. అందుకే ఒకే పైలు మీద కొన్ని మీటర్ల తేడాతో ప్రమాద స్థాయి మారిపోతుంది.

‘తీరం’ అంటే ఎంత దూరం?

భారత ప్రమాణం ఐఎస్ 456 (2000) పరిసరాల తీవ్రతను ఐదు తరగతులుగా విభజించింది. మామూలు, మధ్యస్థం, తీవ్రం, అతి తీవ్రం, అత్యంత తీవ్రం అని వాటిని తెలుగులో అనుకోవచ్చు. ఆటుపోట్ల మండలంలోని భాగాలు అత్యంత తీవ్రం కిందికి, సముద్రపు తుంపరలు తగిలే భాగాలు అతి తీవ్రం కిందికి, పూర్తిగా సముద్రపు నీటిలో మునిగినవీ తీరపు గాలికి తెరిచి ఉన్నవీ తీవ్రం కిందికి వస్తాయి.

మన జెట్టీలో పైళ్ళు అత్యంత తీవ్రం. వాటికి కనీసం ఎం40, నీరు–సిమెంటు నిష్పత్తి 0.40కి మించకూడదు, ఘనపు మీటరుకు సిమెంటు కనీసం 360 కిలోలు, కవరు 75 మి.మీ. తుంపరలు తగిలే బీములు అతి తీవ్రం. వాటికి ఎం35, 0.45, 340 కిలోలు, 50 మి.మీ. గిడ్డంగి తీవ్రం. దానికి ఎం30, 0.45, 320 కిలోలు, 45 మి.మీ. ఇవన్నీ 20 మి.మీ. కంకరతో చేసే ఇనుప కాంక్రీటుకు చెప్పిన కనీస విలువలు.

చిక్కు ఎక్కడంటే, ఆ పట్టిక ‘తీర ప్రాంతం’ అంటుందే తప్ప అది ఒడ్డు నుంచి ఎన్ని మీటర్లో చెప్పదు. గిడ్డంగి తీరం నుంచి దూరంగా ఉందని, చెట్ల చాటున ఉందని కాంట్రాక్టరు వాదించి మధ్యస్థ తరగతి కోరవచ్చు. నిబంధన రాసేవారు తరగతిని పేర్కొని ఊరుకోకుండా, ఏ భాగానికి ఏ తరగతో పేరుపేరునా పట్టికలో రాయడమే దీనికి మందు. పైలుకు ఎక్కడి నుంచి ఎక్కడి దాకా అన్న మీమాంస కూడా వద్దు. ఒకే పోతలో రెండు మిశ్రమాలు నడపడం ఆచరణలో కష్టం కాబట్టి, పైలు మొత్తానికి అన్నిటికంటే కఠినమైన తరగతినే వర్తింపజేయడం తెలివైన పని.

ఎం40 చెప్పనిది ఏమిటి

ఎం40 అంటే 28 రోజుల క్యూబు బలం, అంటే ఆ వయసు కాంక్రీటు ఘనాన్ని నలిపి కొలిచే బలం, గురించిన మాట. క్లోరైడు ఎంత వేగంగా లోపలికి ఇంకుతుందో ఆ సంఖ్య చెప్పదు. ఇప్పుడు దొరికే 53 గ్రేడు సిమెంటుతో ఆ బలాన్ని 0.40 కంటే ఎక్కువ నీటి నిష్పత్తితో కూడా అందుకోవచ్చు. క్యూబులు పాసవుతాయి, రికార్డు శుభ్రంగా ఉంటుంది, సూక్ష్మ రంధ్రాలు మాత్రం ఉండవలసిన దానికంటే ఎక్కువే ఉంటాయి. అందువల్ల నీటి నిష్పత్తిని గ్రేడుతో కలిపేయకుండా విడిగా రాయాలి, దాన్ని ఎవరు ఎప్పుడు కొలుస్తారో కూడా రాయాలి.

ఆ కొలత ఎందుకు ముఖ్యమో ఒక లెక్క చూద్దాం. ఘనపు మీటరుకు 400 కిలోల బైండరు (సిమెంటు, ఉక్కు కర్మాగారాల్లో మిగిలే స్లాగు పొడి కలిపి), 0.40 నిష్పత్తి అనుకుంటే నీరు 160 లీటర్లు. ఇసుక 700 కిలోలు. వాన పడిన మర్నాడు ఆ ఇసుకలో 4 శాతం స్వేచ్ఛా తేమ ఉంటే అందులోనే 28 లీటర్ల నీరు ఉన్నట్టు. బ్యాచింగ్ ప్లాంటులో ఆ తేమను తీసివేయకుండా మళ్ళీ 160 లీటర్లు పోస్తే మొత్తం నీరు 188 లీటర్లు, నిష్పత్తి 0.47. కాగితం మీద అత్యంత తీవ్ర తరగతికి రాసిన మిశ్రమం, నిజంలో తీవ్ర తరగతి హద్దును కూడా దాటిపోయింది. ఇక్కడ ఎవరూ మోసం చేయలేదు. ఇసుక తేమను ప్రతి షిఫ్టు మొదట్లోనూ వాన కురిసిన ప్రతిసారీ కొలవాలన్న ఒక వాక్యం లేకపోవడమే లోపం.

‘కనీస సిమెంటు 360 కిలోలు’ అన్న మాటలో ఇంకో బోనుంది. సగం స్లాగు కలిపిన 400 కిలోల మిశ్రమంలో మామూలు పోర్ట్‌లాండ్ సిమెంటు 200 కిలోలే ఉంటుంది. అక్షరాలా చదివితే నిబంధన తప్పినట్టే. కానీ ఐఎస్ 456 ప్రకారం స్లాగు, ఫ్లయాష్ వంటివి నిర్ణీత పరిమితుల మేరకు ఈ లెక్కలో చేరతాయి. నిబంధనలో ‘సిమెంటు’ బదులు ‘బైండరు మొత్తం’ అని రాసి, దాని అర్థం అక్కడే చెబితే ఈ వాదన పుట్టదు.

సల్ఫేటు నిరోధక సిమెంటు ఎందుకు తడబాటు

సముద్రపు నీటిలో సల్ఫేట్లు ఉన్నాయి కదా, కనుక సల్ఫేటు నిరోధక సిమెంటు వాడాలి అన్న ఆలోచన సహజమే. ఆ సిమెంటు తయారీలో ట్రైకాల్షియం అల్యూమినేట్ అనే ఖనిజాన్ని తగ్గిస్తారు, ఎందుకంటే సల్ఫేట్లు దాడిచేసేది ముఖ్యంగా దానిమీదే. అయితే ఆ ఖనిజమే క్లోరైడులలో కొంత భాగాన్ని పట్టి బంధించి, కడ్డీ దాకా పోకుండా ఆపుతుంది. దాన్ని తగ్గిస్తే సల్ఫేటుకు తలుపు మూసి క్లోరైడుకు తలుపు తెరిచినట్టు అవుతుంది. పైగా క్లోరైడుల సమక్షంలో సల్ఫేట్ల వల్ల వచ్చే వ్యాకోచం, అంతే సల్ఫేటు ఉన్న భూగర్భ జలంలో వచ్చే దానికంటే తక్కువగా ఉంటుంది. జెట్టీకి అసలు ముప్పు కడ్డీల తుప్పే.

ఈ సంగతి ప్రమాణం కూడా గుర్తించింది. నేలలోనో భూగర్భ జలంలోనో సల్ఫేట్లతో పాటు క్లోరైడులు కూడా ఉన్నచోట సల్ఫేటు నిరోధక సిమెంటుకు బదులు, ఆ అల్యూమినేట్ 5 నుంచి 8 శాతం దాకా ఉన్న మామూలు సిమెంటు మేలని ఐఎస్ 456 చెబుతుంది. 50 శాతానికి మించి స్లాగు ఉన్న పోర్ట్‌లాండ్ స్లాగ్ సిమెంటును, లేదా మామూలు సిమెంటు–స్లాగు మిశ్రమాన్ని, పనితీరు సమాచారం ఉంటే ప్రత్యామ్నాయంగా సూచిస్తుంది. విశాఖ ఉక్కు కర్మాగారపు స్లాగు పుణ్యమా అని ఉత్తరాంధ్రలో స్లాగు సిమెంటు కొత్త సరుకేమీ కాదు.

స్లాగుకూ ఒక షరతు ఉంది. అది నెమ్మదిగా గట్టిపడుతుంది కాబట్టి క్యూరింగ్‌లో తొందరపడితే, మన్నిక ఎక్కడ కావాలో సరిగ్గా ఆ పైపొరలోనే లోపం మిగిలిపోతుంది. ఇలాంటి మిశ్రమాలకు ఐఎస్ 456 కనీసం 10 రోజులు అని, దాన్ని 14 రోజులకు పెంచితే మంచిదని అంటుంది. ఆ ‘మంచిది’ని నిబంధనలో ‘తప్పనిసరి’గా మార్చాలి. సముద్రపు నీటితో క్యూరింగ్ చేయరాదని కూడా రాయాలి. పక్కనే సముద్రముంటే పైపు అటువైపు వేసే ఉత్సాహం ఎవరికైనా కలగవచ్చు.

కవరు: పది మిల్లీమీటర్ల విలువ

క్లోరైడు విస్తరణను వర్ణించే సాధారణ సూత్రం ప్రకారం, మిగతావన్నీ స్థిరంగా ఉంటే కడ్డీ దగ్గర అపాయపు మోతాదు చేరడానికి పట్టే కాలం కవరు వర్గానికి అనుపాతంలో ఉంటుంది. ఇది సరళీకరించిన నమూనా. నిజంలో కాంక్రీటు వయసుతో పాటు ఇంకే వేగం మారుతుంది. కానీ కవర్ల మధ్య తేడాను పోల్చి చూడడానికి ఇది బాగా పనికొస్తుంది.

కాంట్రాక్టరు 75 మి.మీ.ని లావు కడ్డీల నుంచి కొలిచాడనుకుందాం. వాటి చుట్టూ 10 మి.మీ. రింగులు ఉన్నాయి. అప్పుడు రింగుల మీద ఉండే కవరు 65 మి.మీ. మాత్రమే. 65ను 75తో భాగించి వర్గం చేస్తే దాదాపు 0.75. అంటే తుప్పు మొదలవడానికి పట్టే కాలంలో నాలుగో వంతు ఒక కొలతల అపార్థంతో పోయింది. మొదట తుప్పు పట్టేవి రింగులే కాబట్టి, ‘రింగులతో సహా అన్నిటికంటే బయట ఉన్న ఉక్కు నుంచి’ అన్న మాటలు నిబంధనలో ఉండి తీరాలి. ఐఎస్ 456 నిర్వచనం కూడా అదే. తేడా విషయంలో ఎక్కువైతే 10 మి.మీ. దాకా, తక్కువైతే సున్నా అని ప్రమాణం చెబుతుంది. ఆ ‘సున్నా’ సైటులో నిజంగా సున్నాగా ఉండాలంటే కవర్ బ్లాకుల సంగతి కూడా రాయాలి. సైటులో మిగిలిన గారతో చేసిన బిళ్ళ రంధ్రాలమయంగా ఉంటుంది, ఉప్పుకు కడ్డీ దాకా వేసిన నిచ్చెనలా పనిచేస్తుంది. బ్లాకుల కాంక్రీటు కనీసం పైలు కాంక్రీటంత నాణ్యంగా ఉండాలి.

కవరు పెంచుకుంటూ పోవడమే పరిష్కారం కాదని డిజైనర్లు చెప్పే మాటలోనూ న్యాయముంది. కవరు మందమైన కొద్దీ పైన కనిపించే పగుళ్ళ వెడల్పు పెరుగుతుంది. ఒంపు బలాలు ఎక్కువగా ఉండే బీములలో ఇది ఇబ్బందే. పైపగులు వెడల్పుకు, కడ్డీ తుప్పుకు మధ్య సంబంధం అనుకున్నంత సూటిగా లేదని వాదించేవారు కూడా ఉన్నారు. నిబంధన ఈ వాదాన్ని తేల్చలేదు. కవరునూ పగుళ్ళ హద్దునూ రెండు వేర్వేరు పత్రాల్లో ఒకదానికొకటి పడని సంఖ్యలుగా రాయకుండా చూడడం మాత్రం రాసేవారి బాధ్యత.

పాళ్ళు చెప్పాలా, ఫలితం చెప్పాలా

ఇప్పటిదాకా చూసినవన్నీ వంటకానికి పాళ్ళు చెప్పడం లాంటివి. ఇంత నీరు, ఇంత బైండరు, ఇంత స్లాగు. రెండో పద్ధతిలో పాళ్ళు కాంట్రాక్టరుకే వదిలేసి, కాంక్రీటు చూపవలసిన ఫలితాన్ని చెబుతారు. అందుకు మన దేశంలో ఎక్కువగా వాడే పరీక్ష రాపిడ్ క్లోరైడ్ పర్మియబిలిటీ టెస్ట్. ఏఎస్‌టీఎం సి1202 పద్ధతిలో 50 మి.మీ. మందపు కాంక్రీటు బిళ్ళకు ఒకవైపు ఉప్పు ద్రావణం, రెండోవైపు క్షార ద్రావణం పెట్టి, 60 వోల్టుల విద్యుత్తును 6 గంటలు ప్రసరింపజేసి, దాటిన ఆవేశాన్ని కులూంబులలో లెక్కిస్తారు. తక్కువ దాటితే మంచిది. రోడ్డు వంతెనల ప్రమాణం ఐఆర్‌సీ 112, 56 రోజుల వయసులో తీవ్ర పరిసరాలకు 1,500, అతి తీవ్రానికి 1,200, అత్యంత తీవ్రానికి 800 కులూంబులను పై హద్దులుగా సూచించింది. మన జెట్టీ వంతెన కాకపోయినా ఈ సంఖ్యలను అరువు తెచ్చుకోవచ్చు.

ఈ పరీక్షను సమర్థించేవారు, పాళ్ళు చెప్పినంత మాత్రాన ఫలితం రాదని, స్థానిక కంకరా ఇసుకా సిమెంటుతో నిజంగా ఏం తయారైందో ఇదే చూపిస్తుందని అంటారు. విమర్శించేవారు, ఇది నిజానికి కొలిచేది విద్యుత్ వాహకతనే గానీ క్లోరైడు ప్రవేశాన్ని కాదంటారు. వారి మాటకు ఆధారముంది. తుప్పును ఆపడానికి వాడే కాల్షియం నైట్రైట్‌ను కలిపిన కాంక్రీటులో ఈ పరీక్ష అసలు స్థితి కంటే చెడ్డ ఫలితం చూపి తప్పుదోవ పట్టించవచ్చు. అలాంటి రసాయనం వాడే పనిలో ఈ హద్దును గుడ్డిగా పెట్టకూడదు.

అన్నిటికంటే ఆచరణలో బాధించేది ఫలితాల చెదురు. ఒకే బ్యాచిలోని కాంక్రీటు మీద ఒకే వ్యక్తి సరిగా చేసిన రెండు పరీక్షల మధ్య కూడా దాదాపు 34 శాతం దాకా తేడా రావచ్చని ఆ పద్ధతే ఒప్పుకుంటుంది. ఒక బిళ్ళ 680, రెండోది 920 చూపిందనుకుందాం. సగటు 800, తేడా సగటులో 30 శాతం. అంటే రెండూ ఒకే కాంక్రీటువి అనడానికి అభ్యంతరం లేదు. అయినా ‘800 మించరాదు’ అని మాత్రమే రాసిన నిబంధన ఒకదాన్ని అంగీకరించి, రెండోదాన్ని తిరస్కరిస్తుంది. సగటుకొక హద్దు, ఒక్కొక్క బిళ్ళకు కొంచెం సడలించిన వేరొక హద్దు పెడితే ఈ అన్యాయం తగ్గుతుంది.

రెండు పద్ధతులనూ కలిపి రాయడం ఇప్పుడు ఎక్కువగా జరుగుతోంది. అందులో ఒక ప్రశ్న దాగి ఉంది. చెప్పిన పాళ్ళన్నీ పాటించినా కులూంబుల ఫలితం తప్పితే బాధ్యత ఎవరిది? పాళ్ళు రాసింది ఇంజనీరు, ఫలితం చూపలేనిది కాంట్రాక్టరు. దీనికి నాకు సబబుగా తోచే మార్గం, రెండింటికీ వేర్వేరు వేళలు కేటాయించడం. పని మొదలుకాక ముందు ట్రయల్ మిక్సుతో ఫలితం నిరూపించాలి. అది నెగ్గాక ఆ పాళ్ళు స్థిరపడతాయి. పని సాగుతున్నప్పుడు రోజువారీ అదుపు నీటి నిష్పత్తి, క్యూబులు, కవరు మీదనే ఉంటుంది. 56 రోజుల పరీక్ష నిర్ధారణగా మిగులుతుంది. ఎందుకంటే ఒక పైలు ఫలితం వచ్చేసరికి దాని తర్వాత దాదాపు రెండు నెలల పని జరిగిపోయి ఉంటుంది.

తిరగరాసిన నిబంధన

పైళ్ళకు సంబంధించిన భాగం ఇలా ఉండవచ్చు.

“అనుబంధ పట్టికలో పేర్కొన్న పైళ్ళన్నిటికీ పూర్తి పొడవునా అత్యంత తీవ్ర తరగతి వర్తిస్తుంది. కాంక్రీటు ఎం40. బైండరు అనగా పోర్ట్‌లాండ్ సిమెంటు, స్లాగు కలిపిన మొత్తం. అది ఘనపు మీటరుకు 360 కిలోలకు తగ్గరాదు. బైండరులో స్లాగు 50 నుంచి 70 శాతం. ఫ్లయాష్ లేదా స్లాగు ముందే కలిసిన సిమెంటు వాడినచో ప్లాంటులో మరల అట్టి పదార్థము చేర్చరాదు. కంకర, ఇసుకలలోని స్వేచ్ఛా తేమతో సహా మొత్తం నీటికి, బైండరుకు గల నిష్పత్తి 0.40 మించరాదు. ఇసుక తేమను ప్రతి షిఫ్టు మొదట, వాన తరువాత కొలిచి బ్యాచి పత్రములో నమోదు చేయవలెను. కాంక్రీటులోని మొత్తం క్లోరైడు ఘనపు మీటరుకు 0.6 కిలోలు మించరాదు. రింగులతో సహా వెలుపలి ఉక్కు నుండి కవరు 75 మి.మీ. తక్కువ వైపు సడలింపు లేదు. మంచినీటితో 14 రోజులు నిరంతరాయముగా క్యూరింగ్ చేయవలెను.

ట్రయల్ మిక్సు మీద 56 రోజుల వయసులో మూడు బిళ్ళల సగటు 600 కులూంబులు మించరాదు. పని జరుగునప్పుడు సగటు 800, ఏ ఒక్క బిళ్ళయు 1,000 మించరాదు.”

ట్రయల్‌లో 600, పనిలో 800 అన్న తేడా నా ఎంపిక. ప్రయోగశాలలో శ్రద్ధగా కలిపిన మిశ్రమానికి, సైటులో పోసిన దానికి మధ్య జారుడు ఉంటుందని ముందే ఒప్పుకోవడం అది. ఇంకాస్త ఖర్చుకు వెనుకాడని యజమాని దీన్ని ఇంకా బిగించవచ్చు. అయితే ఆ పరీక్షకు 56 రోజులు కావాలి కాబట్టి పని షెడ్యూలులో మొదటి పైలుకు ముందు ఆ రెండు నెలలూ కనిపించాలి. లేకపోతే ట్రయల్ ఫలితం రాకముందే పైళ్ళు దిగడం మొదలవుతుంది, నిబంధన అలంకారంగా మిగులుతుంది.

0.6 కిలోల క్లోరైడు హద్దు కూడా సైటులో లెక్కకట్టి చూడదగినదే. 400 కిలోల బైండరులో క్లోరైడు అనుమతించిన 0.1 శాతం దాకా ఉంటే దానితోనే 0.4 కిలోలు అయిపోతుంది. ఇనుప కాంక్రీటుకు అనుమతించిన గరిష్ఠ క్లోరైడు, లీటరుకు 500 మిల్లీగ్రాములు, ఉన్న నీరు 160 లీటర్లు పోస్తే మరో 0.08 కిలోలు. ఇక ఇసుకకూ కంకరకూ రసాయనాలకూ కలిపి మిగిలేది 0.12 కిలోలే. విడివిడిగా ప్రతి సరుకూ పరీక్ష నెగ్గినా, ఉప్పు తగిలిన ఇసుక వస్తే మొత్తం మీద హద్దు దాటవచ్చు. నిబంధన అందుకే ‘మొత్తం’ అంటుంది.

మిగిలింది, తప్పినప్పుడు ఏం చేయాలన్నది. చాలా నిబంధనలు ఇక్కడే మౌనం వహిస్తాయి. ఒక పైలు వరుస సగటు 950 కులూంబులు వచ్చిందనుకుందాం. పైళ్ళు అప్పటికే సముద్రంలో దిగిపోయాయి, పగలగొట్టడం ఎవరికీ లాభం కాదు. అందుకే క్రమాన్ని ముందే రాయాలి. మొదట ఆ వరుస బ్యాచి పత్రాలు చూసి నీటి నిష్పత్తి నిర్ధారించుకోవాలి. తర్వాత కవర్ మీటరుతో అసలు కవరు కొలవాలి. అది 80 మి.మీ. దాకా ఉంటే, 75తో పోలిస్తే కాలం దాదాపు 14 శాతం పెరుగుతుంది కనుక లోటు కొంత పూడినట్టే. కవరు కూడా 75కే ఆగిపోతే, పోటు గీతకు పైనా కిందా నిర్ణీత ఎత్తు దాకా కాంట్రాక్టరు ఖర్చుతో పూత వేయించడం, ఆ పూతను మళ్ళీ ఎన్నేళ్ళకు వేయాలో లెక్కగట్టి ఆ మొత్తాన్ని బిల్లులో తగ్గించడం అన్నవి వరుసగా రావాలి. ఈ వాక్యాలు ఒప్పందంలో ముందే ఉంటే ఆ 950 సంఖ్య మీద జరిగే చర్చ పూత ఎత్తు, దాని ధర మీదికి మళ్ళుతుంది. లేకపోతే అదే సంఖ్య మధ్యవర్తి దాకా వెళుతుంది, ఆ లోగా పోటు గీత దగ్గర పైళ్ళు రోజూ తడిసి ఆరుతూనే ఉంటాయి.